హోమ్ ట్యూషన్ కరపత్రం: లేని తల్లి చేత చెప్పించకుండా రాయడం

ఇంటికే వచ్చి పాఠం చెప్పే ట్యూషన్ సేవల ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది తల్లిదండ్రుల మాట. "మా బాబుకు లెక్కలంటే భయం. మూడు నెలల్లో 48 నుంచి 91కి వచ్చాడు" అని ఒక వాక్యం, దాని కింద ఒక పేరు, ఒక కాలనీ పేరు. దినపత్రిక మడతలో వచ్చే కరపత్రంలోనూ, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరిగే పోస్టర్‌లోనూ ఇదే మూస. ఆ మాట నిజంగా ఒక తల్లి చెప్పినదైతే ప్రకటనకు అంతకంటే మంచి ఆధారం లేదు. ఎవరూ చెప్పకుండా, ప్రకటన రాసినవారే ఆ తల్లిని పుట్టించి ఉంటే అది మోసం. కొత్తగా మొదలైన ట్యూషన్ సేవకు చెప్పేవాళ్లు ఇంకా ఉండరు కాబట్టి కల్పన వైపు మొగ్గు సహజంగానే వస్తుంది. ఆ అవసరం లేకుండానే, అనుభవం చెబుతున్నట్టు చదివించే ప్రకటన రాయడానికి ఒక పద్ధతి ఉంది.

ముందుగా తెలుసుకోవలసింది, తల్లిదండ్రుల మాట ఈ రంగంలో అంతగా ఎందుకు పనిచేస్తుందన్నది. ట్యూషన్‌ను కొనేముందు చూసుకునే వీలు లేదు. మాస్టారు ఎలా చెబుతారో పది క్లాసులు గడిస్తే గాని తెలియదు. ఫలితం తెలియడానికి ఒక పరీక్ష రావాలి. పైగా వచ్చేది కొత్త మనిషి, కూర్చునేది ఇంట్లో, ఎదుట ఉండేది పిల్లవాడు. ఇన్ని తెలియని విషయాల మధ్య, ఇదే దారిలో ముందు వెళ్లిన మరో తల్లి ఏమంటుందోనని చెవి పెట్టడం మామూలే. అందుకే అక్కడ అబద్ధం చెబితే దెబ్బ కూడా ఎక్కువ. తప్పు సబ్బు కొంటే పోయేది కొన్ని రూపాయలు. తప్పు ట్యూషన్ ఎంచుకుంటే పిల్లవాడి సంవత్సరంలో కొన్ని నెలలు పోతాయి.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో ఎవరైనా ఒక సేవను మెచ్చుకుంటూ మాట్లాడితే అది ఆ మనిషి నిజమైన, ఇప్పటికీ నిలిచే అభిప్రాయమై ఉండాలని, ఆ సేవ గురించి తగిన సమాచారమో అనుభవమో ఆధారంగా చెప్పినదై ఉండాలని అందులో ఉంది. లేని మనిషికి అభిప్రాయం ఉండదు కాబట్టి, కల్పిత పేరుతో వేసిన మెప్పు ఆ మొదటి షరతు దగ్గరే నిలవదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది.

2024 నవంబరులో కోచింగ్ రంగానికి విడిగా మరో మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం, విజయం సాధించిన విద్యార్థి పేరు, ఫొటో, మాటలు వాడుకోవాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. అదీ ఫలితం వచ్చాక తీసుకున్నదై ఉండాలి. చేరేరోజే అడ్మిషన్ ఫారం అడుగున సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఈ ప్రత్యేక నియమాలు 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకు వర్తిస్తాయి. నలుగురైదుగురు పిల్లలకు ఇంటికి వెళ్లి చెప్పే ట్యూటర్ వాటి కిందికి రాకపోవచ్చు. 2022 నాటి సాధారణ మార్గదర్శకాల నుంచి మాత్రం చిన్నవారికీ మినహాయింపు లేదు. అనుమతి విషయంలో పెద్ద సంస్థలకు పెట్టిన కొలతనే చిన్న ట్యూటర్లు కూడా పాటించడం మేలు.

ఇప్పుడు రాత సంగతి. పై మూస వాక్యాన్ని విడదీసి చూస్తే అందులో నాలుగు ముక్కలు కనిపిస్తాయి: ఒక బెంగ (లెక్కలంటే భయం), ఒక కాలం (మూడు నెలలు), ఒక ఫలితం (48 నుంచి 91), ఒక పేరు. చదివే తల్లిని ఆపేది వీటిలో మొదటిది. తన ఇంట్లో ఉన్న సమస్యే అచ్చులో కనిపించినందువల్ల ఆమె కళ్లు అక్కడ నిలుస్తాయి. పేరు చేసే పని అంతకంటే చాలా తక్కువ. కూకట్‌పల్లిలో ఉండే ఏదో ఒక పేరు ఆమెకు పరిచయం లేదు, అడిగి తెలుసుకునే వీలూ లేదు. కల్పించేవారు తమ శ్రమంతా ఈ నాలుగో ముక్క మీద పెట్టి, మొదటిదాన్ని "భయం" అనే ఒక్క ముక్కతో తేల్చేస్తారు. నిజాయితీగా రాసే ప్రకటన ఇక్కడే దారి మారుతుంది. పేరును వదిలేసి, బెంగను లోతుగా పట్టుకుంటుంది.

ఫలితం ముక్కను కూడా నిలదీయాలి. 48 దేనిలో, 91 దేనిలో? యూనిట్ టెస్టులో రెండు పాఠాలే ఉంటాయి, వార్షిక పరీక్షలో పుస్తకమంతా ఉంటుంది. రెండు పేపర్లూ ఒకే కష్టంలో ఉండవు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇళ్లలో ట్యూషన్ ఆలోచన వచ్చేది సాధారణంగా పిల్లవాడికి బాగా తక్కువ మార్కులు వచ్చిన పరీక్ష తర్వాత. ఆ పరీక్ష రోజు జ్వరమో, తెలియని ప్రశ్నలు వరుసగా రావడమో కొంత కారణమై ఉంటుంది. ఎవరూ ఏమీ చేయకపోయినా తర్వాతి పరీక్షలో కొన్ని మార్కులు వాటంతటవే పైకి వస్తాయి. ఆ పెరుగుదలంతా ట్యూషన్ ఖాతాలో వేసుకోవడం, నిజమైన అంకెలతోనైనా సరే, చదివేవారిని తప్పుదారి పట్టించడమే. మంచి ట్యూటర్లు తమ ప్రకటనల్లో మార్కుల గంతుల జోలికి పోకుండా ఉండటానికి ఇంతకంటే గట్టి కారణం అక్కర్లేదు.

పేరూ అంకెలూ తీసేస్తే మాట్లాడేదెవరన్న ప్రశ్న మిగులుతుంది. తల్లి చెప్పలేనప్పుడు, ఆ విషయం నిజంగా తెలిసినవారు చెప్పాలి. హోమ్ ట్యూషన్‌లో అలాంటివారు ట్యూటరే. పిల్లలు ఎక్కడ తప్పుతారో, ఆ తప్పు ఎలా కనిపెడతారో, మొదటి గంటలో ఏం చేస్తారో ట్యూటర్‌కు చేతిలో ఉన్న విద్య. అది ఎవరినీ కల్పించకుండా, సొంత పేరుతో సంతకం పెట్టి చెప్పగలిగిన మాట. రెండో గొంతు తల్లిదండ్రుల ప్రశ్న. ప్రశ్నకు పేరు అక్కర్లేదు, ఎందుకంటే అది సేవ గురించిన మెప్పు కాదు, సమస్య గురించిన మాట. ఈ రెండు గొంతులనూ వరుసలో పెడితే అనుభవ సాక్ష్యపు చట్రం తయారవుతుంది: తల్లి అడిగే మాటతో మొదలుపెట్టడం, ఆ బెంగ వెనుక అసలు కారణాన్ని ఒక ఉదాహరణతో చూపడం, ట్యూటర్ చేసే పనిని చెప్పడం, ఆ పని జరిగిందో లేదో ఇంట్లోవాళ్లు ఎలా చూసుకోవచ్చో చెప్పడం, హామీ ఇవ్వలేనిదేదో ఒప్పుకోవడం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విశాఖపట్నం గాజువాకలో 8, 9, 10 తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పడానికి ఒక మాజీ స్కూలు టీచరు ట్యూషన్ మొదలుపెట్టారనుకుందాం. ఇంటికి వెళ్లి చెప్పిన అనుభవం లేదు, చూపించడానికి ఒక్క కుటుంబం మాట కూడా లేదు. కాని స్కూల్లో వందల పేపర్లు దిద్దిన చేయి. వారి కరపత్రం ఇలా ఉండొచ్చు:

"ఇంట్లో చేస్తే లెక్క వస్తుంది, పరీక్షలో తప్పుతుంది. ఎందుకు?

పాత పరీక్ష పేపరు ఒకటి తీసి, మార్కు పోయిన ప్రతి లెక్కలోనూ ఏ వరుస దగ్గర తప్పిందో చూడండి. ఉదాహరణకు 3x − 7 = 2x + 5. పక్షం మారితే గుర్తు మారుతుందని పిల్లలు అప్పజెబుతారు. తొందరలో 2x ను గుర్తు మార్చకుండా ఎడమకు, 7ను అలాగే కుడికి తెచ్చేస్తారు. అప్పుడు 5x = −2 వస్తుంది. సరైన జవాబు x = 12. ఆ 12ను మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే రెండు వైపులా 29 వస్తుంది. ఇలా సరిచూసుకోవడానికి పట్టేది అర నిమిషం. ఆ అలవాటు లేకపోవడం వల్ల పోయే మార్కులను 'లెక్కలు రావు' అని అనుకుంటాం.

నేను మొదటి రోజు కొత్త పాఠం మొదలుపెట్టను. పాత పేపర్లోని తప్పులను మీ ఎదుటే మూడు కుప్పలుగా విడదీస్తాను: పాఠం తెలియక తప్పినవి, తెలిసీ చేతిలో తప్పినవి, టైము చాలక వదిలేసినవి. ఆ కాగితం మీ దగ్గరే ఉంచుతాను. నెల తర్వాత స్కూలు పెట్టిన పేపరును అలాగే విడదీసి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఎన్ని మార్కులు పెరుగుతాయో ముందే చెప్పలేను. ఏ కుప్ప తగ్గిందో, ఏది తగ్గలేదో మాత్రం చూపిస్తాను. మొదటి రోజుకు ఫీజు లేదు."

కింద ట్యూటర్ సొంత పేరు, చదువు, ఏ తరగతులకు చెప్పారో, ఫోన్ నంబరు. అంతే.

ఈ కరపత్రంలో ఏ కుటుంబమూ లేదు, అయినా చదివే తల్లికి తన ఇల్లే కనిపిస్తుంది. మొదటి వాక్యం ఆమె నోటిదే, కాని ఎవరో ఫలానా మనిషి అన్నట్టు కొటేషన్‌లో పెట్టి పేరు తగిలించలేదు. సమీకరణం ఉండటం వల్ల ప్రకటన కొంచెం బరువెక్కుతుందని కొందరికి అనిపించవచ్చు. నిజానికి కరపత్రానికి బలం అదే. అన్నీ తీసేసి ఆ ఒక్క లెక్క ఉంచినా, చదివినవారు ఇంట్లో పిల్లవాడి నోటుపుస్తకం తీసి అలాంటి తప్పు ఉందో లేదో చూసుకోగలరు. మరొకరు చెబితే నమ్మాల్సిన పని తప్పి, తమ కళ్లతోనే పరీక్షించుకునే వీలు దొరుకుతుంది. అనుభవ సాక్ష్యం చేయవలసిన పనిని అది మరింత బాగా చేస్తుంది.

సాక్ష్యపు ధోరణిలో చదువుకు సంబంధించిన ప్రకటన రాయడం పాత విద్యే. 1920ల్లో అమెరికాలో యూఎస్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్ అనే సంస్థ ఇంటికి పోస్టులో పాఠాలు పంపి సంగీతం నేర్పేది. దాని కోసం జాన్ కేపుల్స్ రాసిన ప్రకటన, ఒక యువకుడు పియానో ముందు కూర్చుంటే అందరూ నవ్వడం, తర్వాత అతని వాయిద్యం విని నివ్వెరపోవడం అనే కథగా, అతని నోటితోనే నడుస్తుంది. ప్రకటనల విద్యార్థులు ఇప్పటికీ దాన్ని చదువుతారు. అందులో నేర్చుకోవలసినది చుట్టూ ఉన్నవారి అనుమానంతో మొదలై, దాన్ని తీర్చే సంఘటన దగ్గరికి నడిచే క్రమం. ఆ కథకుడి గొంతును మాత్రం ఇక్కడికి తెచ్చుకోకూడదు. నేటి భారతదేశంలో ట్యూషన్ సేవ ఒక కల్పిత విద్యార్థి చేత "నేను" అని మాట్లాడించి, దాన్ని అసలు విద్యార్థి అనుభవంగా చదివేలా వేస్తే, పైన చెప్పిన నియమానికి విరుద్ధమవుతుంది.

రాసిన ప్రకటనలో కల్పన ఎక్కడైనా చొరబడిందా అని చూడటానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ప్రతి వాక్యం పక్కన, ఈ సంగతి ఎవరికి తెలుసు, ఎలా తెలుసు అని పెన్సిల్‌తో రాయాలి. "తొందరలో గుర్తు మార్చరు" అన్నదాని పక్కన "ట్యూటర్, దిద్దిన పేపర్ల వల్ల" అని రాయవచ్చు. "మొదటి రోజు తప్పులు విడదీస్తాను" పక్కన "ట్యూటర్, తన పద్ధతి కాబట్టి". "మీ పిల్లవాడికి లెక్కలంటే ఇష్టం పుడుతుంది" అన్నదాని పక్కన రాయడానికి ఏమీ దొరకదు. దాన్ని కొట్టేయాలి. "ఎంతోమంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న" అని ఉంటే, ఆ మాట నిజంగా ఎంతోమంది అడిగారా అన్నది ట్యూటర్ తనకు తాను చెప్పుకోవాలి. ఇద్దరే అడిగి ఉంటే "ఎంతోమంది" పోవాలి, ప్రశ్న ఉండవచ్చు.

ఈ పరీక్షలో బయటపడే తప్పులు కొన్ని మోసం చేయాలన్న ఉద్దేశంతో వచ్చినవి కావు. చాలామంది మూడు నాలుగు కుటుంబాల మాటలు కలిపి ఒకే తల్లిగా రాస్తారు. అందులో ప్రతి మాటా ఎక్కడో నిజమే అయినా, ఆ తల్లి లేదు. ఆమె చెప్పిన క్రమంలో ఏ ఇంట్లోనూ ఏదీ జరగలేదు. పేరు తీసేసి "ఒక తల్లి, మధురవాడ" అని వేస్తే కల్పన తగ్గదు, పట్టుకోవడం కష్టమవుతుందంతే. డబ్బు కట్టి కొన్న ఫొటోల్లోని నవ్వే కుటుంబాన్ని మాటల పక్కన పెడితే, చదివేవారు ఆ మాటలు ఆ కుటుంబానివే అనుకుంటారు. ఫొటో కావాలంటే విడదీసిన తప్పుల కాగితాన్నో, నోటుపుస్తకపు పేజీనో పెట్టవచ్చు. పేజీ అసలు విద్యార్థిది కాక ట్యూటర్ నమూనాగా రాసినదైతే "నమూనా" అని దాని మీదే ఉండాలి. అది మూలన, కనీకనిపించని అక్షరాల్లో ఉంటే చాలదు. షరతులూ వివరణలూ ప్రధాన వాక్యం ఉన్న భాషలోనే, చదవగలిగేలా ఉండాలని 2022 మార్గదర్శకాలు కోరుతున్నాయి. తెలుగు కరపత్రం అడుగున ఇంగ్లిష్‌లో షరతులు వేయడం అందుకే సరికాదు.

ఇంకొకటి మరీ సాధారణం. డిజైన్ చేసే షాపులో "ఇక్కడ తల్లిదండ్రుల మాట" అనే ఖాళీలో తాత్కాలికంగా ఏదో వాక్యం, ఏదో పేరు పెట్టి చూపిస్తారు. తర్వాత మార్చుదామనుకుంటారు. ప్రింటు తొందరలో అది అలాగే వెళ్లిపోతుంది. ఖాళీలో నిజంలా చదివే వాక్యం పెట్టకుండా, "నిజమైన మాట వచ్చాకే ఇక్కడ వేయాలి" అన్న మాటనే పెద్ద అక్షరాల్లో పెడితే పొరపాటున అచ్చయ్యే ప్రమాదం ఉండదు.

కొన్ని నెలలు గడిచాక నిజమైన కుటుంబాలు వస్తాయి. అప్పుడు వారి మాట తీసుకోవడం కూడా జాగ్రత్తగా చేయవలసిన పని. "మా ట్యూషన్ ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అన్న జవాబే వస్తుంది, దానితో ఉపయోగం లేదు. మమ్మల్ని పిలవకముందు ఇంట్లో ఏం జరిగేది, పిలవడానికి ఎందుకు సందేహించారు, ఇప్పుడు పిల్లవాడు చేస్తున్న పనిలో మీకు కనిపించిన తేడా ఏమిటి, ఇంకా సరికానిది ఏమిటి అని అడగాలి. ఈ నాలుగో ప్రశ్న చాలామంది వదిలేస్తారు. కాని "సమీకరణాల్లో తప్పులు తగ్గాయి, జ్యామితి మాత్రం ఇంకా కష్టంగానే ఉంది" అన్న మాటను చదివేవారు నమ్మినంతగా ఏ పొగడ్తనూ నమ్మరు.

వచ్చిన మాటను కుదించవచ్చు, అక్షరదోషాలు దిద్దవచ్చు. అర్థం మారే దిద్దుబాటు చేయకూడదు. "జ్యామితి" వాక్యాన్ని తీసేసి మొదటి సగమే వేస్తే అది వారి అభిప్రాయం కాదు. అచ్చు వేసేముందు తుది రూపాన్ని వారికి చూపించి, ఎక్కడెక్కడ వాడతారో చెప్పి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. ఆ మాట కోసం ఒక నెల ఫీజు తగ్గించి ఉంటే, వారు ట్యూటర్‌కు బంధువులైతే, ఆ సంగతి మాట పక్కనే కనిపించాలి. విద్యార్థికి 18 ఏళ్లు నిండని పక్షంలో పేరు, స్కూలు, ఫొటో, మార్కుల వివరాలు వేయకపోవడమే మంచిది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అంగీకారాన్ని కోరుతుంది. చట్టం మాట పక్కన పెట్టినా, "లెక్కల్లో వెనుకబడిన అబ్బాయి" అన్న ముద్ర ఆ పిల్లవాడి పేరు మీద అపార్ట్‌మెంట్ గ్రూపులో శాశ్వతంగా నిలిచిపోతుంది. తక్కువ మార్కులు వచ్చిన పిల్లలను విఫలమైనవారిగా చూపవద్దని ప్రకటనల ప్రమాణాలు చూసే స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ కూడా విద్యారంగ ప్రకటనలకు చెప్పింది.

పది కుటుంబాల్లో రెండింటికే పెద్ద మార్పు వచ్చిందనుకుందాం. ఆ రెండింటి మాటలే వేస్తే, రెండూ నిజమే అయినా, ప్రకటన మొత్తంగా ఇచ్చే అభిప్రాయం నిజం కాదు. మామూలుగా ఏం జరుగుతుందో దాన్ని చెప్పే కుటుంబం మాట కూడా వాటి పక్కన ఉండాలి. అలాంటి మాటలు కొన్ని చేరాక కూడా ట్యూటర్ సంతకంతో ఉన్న మొదటి కరపత్రాన్ని తీసేయనక్కర్లేదు. సమీకరణం, తప్పుల కాగితం పైన ఉండి, కుటుంబాల మాటలు వాటి కింద చేరితే, ఆ కాగితం తమ ఇంట్లో ఎలా పనికొచ్చిందో వారు చెబుతున్నట్టు చదువుకోవచ్చు.

ప్రతి మాటకూ తేదీ, అంగీకార పత్రం, వారు మొదట చెప్పిన పూర్తి రూపం ఒక ఫైలులో ఉంచుకోవాలి. ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం. ఆ ఇంటికి వెళ్లిన ట్యూటర్ మానేసినా, చెప్పే పద్ధతి మారినా, ఆ కుటుంబం వద్దని కోరినా ఆ మాటను తర్వాతి ప్రింటు నుంచి తీసేయాలి. రెండేళ్ల కిందట వేరే మాస్టారు చెప్పిన పాఠానికి వచ్చిన మెప్పును నేడు చేరబోయే కుటుంబానికి చూపించడం, నిజమైన మాటతో చెప్పే అబద్ధమవుతుంది.